స్కోప్ ఉందా సార్?

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పొద్దున్నే రెండు రకాల బస్సులు ఎదురవుతాయి. మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ వైపు ఇంజినీరింగ్ కాలేజీలకు పిల్లల్ని తీసుకెళ్లే పసుపు బస్సులు ఒక రకం. ఆదిబట్ల వైపు ఉద్యోగులతో పోయే కంపెనీ బస్సులు మరో రకం. ఆదిబట్ల కూడా ఇబ్రహీంపట్నం మండలంలోదే. అక్కడ టాటా సంస్థ లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి సి-130జె రవాణా విమానానికి తోక భాగాన్ని తయారుచేస్తోంది. బోయింగ్‌తో కలిసి పెట్టిన మరో కర్మాగారాన్ని 2018 మార్చి 1న అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ ప్రారంభించారు. అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్, అంటే ఆ హెలికాప్టర్ మొండెం, అక్కడ తయారవుతుంది.

ఈ రెండు బస్సుల్లో కూర్చున్నవాళ్లు ఒకరినొకరు కిటికీల్లోంచి రోజూ చూసుకుంటారు. మెకానికల్ డిప్లొమా చదివే కుర్రాడికి ఆ కర్మాగారం గేటు తెలుసు, బోర్డు తెలుసు. లోపల ఎనిమిది గంటలూ మనిషి నిలబడి ఏం చేస్తాడో మాత్రం తెలియదు. అది తెలిసినవాళ్లు దూరంగా కూడా ఉండరు. ఇంటి పై వాటాలో అద్దెకుంటారు, అన్న దోస్తులై ఉంటారు, పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చుంటారు. అలాంటి మనిషిని ఎలాగో పట్టుకుని ఒక ఆదివారం అరగంట సమయం అడుగుతారు. ఆయన ఒప్పుకుంటాడు. అప్పుడు అడిగే ప్రశ్నలు మూడు. స్కోప్ ఉందా సార్? ప్యాకేజీ ఎంత ఉంటది సార్? ఏ కోర్సు చేస్తే మంచిది సార్?

ఆయన మంచివాడే. "స్కోప్ ఉంటది తమ్మీ, కష్టపడాలె" అంటాడు. "ప్యాకేజీ ఎక్స్‌పీరియన్స్‌ను బట్టి" అంటాడు. కోర్సు విషయానికొస్తే, తాను చేసిన కోర్సు పేరో, పక్కవాడు చేసిన కోర్సు పేరో చెబుతాడు. చాయ్ అయిపోతుంది. కుర్రాడు ఇంటికొచ్చి చూసుకుంటే, వెళ్లేముందు తెలియనిది ఒక్కటి కూడా కొత్తగా చేతికి రాలేదు.

ఉద్యోగం అడగకుండా, ఒక రంగంలో పనిచేస్తున్న మనిషిని కలిసి ఆ పని గురించి తెలుసుకునే ఇలాంటి భేటీని ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ అంటున్నారు. దీన్ని జనంలోకి తెచ్చినవాడు రిచర్డ్ బోల్స్ అనే అమెరికన్. శాన్‌ఫ్రాన్సిస్కోలో చర్చి ఉద్యోగం చేస్తూ 1968లో ఆ పని పోగొట్టుకున్నాడు. తనలాగే కొలువులు పోతున్న తోటి మతబోధకుల కోసం 1970లో సొంత ఖర్చుతో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. 'వాట్ కలర్ ఈజ్ యువర్ పారాచూట్' అనే ఆ పుస్తకం తర్వాత లక్షల్లో అమ్ముడుపోయింది. ఈ పనిలోకి ఎలా వచ్చారు, ఇందులో నచ్చేదేమిటి, నచ్చనిదేమిటి, ఇంకెవరిని కలిస్తే బాగుంటుంది అన్న ధోరణిలో ఆయన సూచించిన ప్రశ్నలు ఇప్పటికీ చెలామణిలో ఉన్నాయి. అవి తలుపు తెరవడానికి పనికొస్తాయి. కానీ ఆదిబట్లలో విమానభాగాలు పరీక్షించే మనిషినీ, ఇబ్రహీంపట్నంలో మందుల షాపు నడిపే మనిషినీ అవే నాలుగు మాటలతో అడిగితే, ఇద్దరి దగ్గర్నుంచీ ఒకే రకం జవాబు వస్తుంది.

మరి జవాబులో సరుకు ఉండాలంటే ప్రశ్న ఎలా ఉండాలి? దీనికి ఒక పాత ఉదాహరణ ఉంది. అది కూడా విమానాలకు సంబంధించినదే.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో అమెరికా వైమానిక దళం ఒక చిక్కులో పడింది. యుద్ధంలో చాలా ప్రమాదాలను పైలట్ తప్పిదం కింద రాసేశారు. ఎందుకు తప్పిదం జరిగిందో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఒహాయో రాష్ట్రంలోని రైట్ ఫీల్డ్ ప్రయోగశాలలో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పైలట్లను విచారించడానికి పూనుకున్నారు. కాక్‌పిట్ బాగుందా, కంట్రోళ్లు సౌకర్యంగా ఉన్నాయా అని అడిగి ఉంటే, బాగానే ఉన్నాయనో ఇంకాస్త మెరుగుపరచాలనో చెప్పి పైలట్లు లేచిపోయేవారు. వాళ్లు అలా అడగలేదు. ఏదైనా ఒక మీట గానీ స్విచ్ గానీ నడపడంలో మీరు చేసిన పొరపాటును, లేదా పక్కనుండి మీరు చూసిన పొరపాటును ఉన్నదున్నట్టు చెప్పండి అని అడిగారు. 460 సంఘటనలు పోగయ్యాయి. 1947లో వాటిని క్రోడీకరిస్తే, దాదాపు సగం పొరపాట్లు ఒక మీట అనుకుని మరొకటి పట్టుకోవడం వల్ల జరిగినవేనని తేలింది. ఒక విమానంలో ఒకచోట ఉన్న మీట మరో విమానంలో ఇంకోచోట ఉంటోంది. కొన్ని మీటలు ఒకదాని పక్కన ఒకటి, ఒకేలా ఉంటున్నాయి. ఇప్పుడు పెద్ద విమానాల్లో చక్రాలు దించే మీటకు చక్రం ఆకారపు పిడి, రెక్క వెనుక ఫ్లాప్ కదిపే మీటకు ఫ్లాప్ ఆకారపు పిడి ఉంటాయి. చేతికి తగిలితే చాలు, తేడా తెలుస్తుంది. ఆ తరహా మార్పులకు ఊపు వచ్చింది ఇలాంటి పరిశీలనల నుంచే.

ఆ ఇద్దరూ పైలట్లను అభిప్రాయం అడగలేదు, సంఘటన అడిగారు. మనిషి తన పని గురించి అభిప్రాయం చెప్పేటప్పుడు నలుగురూ అనే మాటే అంటాడు. మొన్న ఫలానా రోజు ఏం జరిగిందో చెప్పేటప్పుడు, తనకే తెలియకుండా, ఆ పని లోపలి సంగతులు బయటపెడతాడు.

ఇక మన మండలానికి వద్దాం. ఊహించిన ఉదాహరణే అయినా, ఇక్కడ ప్రతి ఏడాదీ చాలా ఇళ్లలో నడిచే కథ ఇది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకామె. విమానభాగాల తయారీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ కావాలని మనసు. ఆమె ముందు మూడు దారులున్నాయి. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరడం ఒకటి. ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేరడం రెండోది. మూడోది ఎన్‌డీటీ కోర్సు. వస్తువును కోయకుండా, పగలగొట్టకుండా అందులోని పగుళ్లను, లోపాలను కనిపెట్టే పరీక్షల విద్య అది. ఆ కోర్సుకు ఇంట్లో డబ్బు కట్టాలి. అన్న దోస్తు ఒకాయన ఇలాంటి కర్మాగారంలో ఇన్‌స్పెక్టర్. వచ్చే ఆదివారం ఇరవై నిమిషాలు ఇస్తానన్నాడు.

ఆమె వెంటనే ప్రశ్నలు రాయడం మొదలుపెట్టకూడదు. ముందుగా కాగితం మీద, తాను తేల్చుకోవాల్సిందేమిటో ఒక్క వాక్యంలో రాయాలి. మూడు దారుల్లో ఏది పట్టాలి, అంతే. దాని కింద, ఈ మూడింటి గురించి తాను ఇప్పటికే నిజమనుకుంటున్నవి రాసుకోవాలి. ఇన్‌స్పెక్టర్ పనిలో ఒంటికి శ్రమ తక్కువ. అప్రెంటిస్ చేస్తే అక్కడే ఉద్యోగం వస్తుంది. ఎన్‌డీటీ సర్టిఫికెట్ ఉంటే చేరిన రోజు నుంచే పరీక్షలు చేయనిస్తారు. అమ్మాయిలకు షిఫ్టులతో చిక్కు ఉండదు. ఇలా ఏడెనిమిది నమ్మకాలు బయటికొస్తాయి. వీటిలో ఏవి తప్పయితే నిర్ణయం మారిపోతుందో వాటికి గుర్తు పెట్టుకోవాలి. ప్రశ్నలు పుట్టేది ఆ గుర్తుల దగ్గరే. నిర్ణయం మీద ప్రభావం లేని ప్రశ్న ఎంత తెలివిగా కనిపించినా దానికి ఇరవై నిమిషాల్లో చోటు లేదు.

తర్వాత జల్లెడ పట్టాలి. కూర్చుని వెతికితే దొరికేదాన్ని మనిషిని అడగడం ఆయన సమయాన్ని తినడమే. అప్రెంటిస్ సంగతే తీసుకోండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం, శిక్షణ పూర్తయిన ప్రతివాడికీ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం సంస్థ మీద లేదు. 2014 సవరణ తర్వాత, శిక్షణ ముగించినవాళ్లను తీసుకునే విషయంలో ప్రతి సంస్థా తన సొంత విధానం రూపొందించుకోవాలని మాత్రం ఉంది. ఇదంతా బహిరంగంగా దొరికే సమాచారం. కాబట్టి "అప్రెంటిస్ చేస్తే జాబ్ ఇస్తరా?" అన్న ప్రశ్న జల్లెడలో కిందికి జారిపోవాలి. కానీ చట్టం చెప్పనిది ఒకటి మిగులుతుంది. "అన్నా, పోయిన ఏడాది మీ షాపులో ఏడాది పూర్తి చేసుకున్న అప్రెంటిస్‌లు ఇప్పుడు ఎక్కడున్నరు?" ఈ ప్రశ్నకు జవాబు ఏ వెబ్‌సైటులోనూ ఉండదు, ఆ షాపులో తిరిగే మనిషి దగ్గరే ఉంటుంది. పైగా ఆయన సంస్థ విధానం గురించి మాట్లాడాల్సిన పని లేదు, తన కళ్ల ముందున్న నలుగురి గురించి చెబితే చాలు. ఇద్దరిని కాంట్రాక్ట్ మీద తీసుకున్నారంటాడో, ఒకరు శంషాబాద్ దగ్గర ఇంకో కంపెనీలో చేరారంటాడో, ఎవరూ మిగల్లేదంటాడో. మూడింటిలో ఏది వచ్చినా ఆమెకు పనికొచ్చేదే.

ఎన్‌డీటీ దగ్గర ఇంకా లోతుంది. ఈ అమ్మాయిలాంటి వాళ్లు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చూడాలి. విమాన రంగంలో ఎన్‌డీటీ చేసేవాళ్ల అర్హతలకు ఎన్‌ఏఎస్ 410 అనే ప్రమాణం బాగా వాడుకలో ఉంది. దాని ప్రకారం లెవెల్ 1, లెవెల్ 2 లాంటి ధ్రువీకరణ ఇవ్వాల్సింది పనిలో పెట్టుకున్న సంస్థే. పాఠాలకు ఇన్ని గంటలు, అనుభవం కింద పరికరం పట్టి పనిచేసిన ఇన్ని గంటలు, పరీక్షలు, అన్నీ లెక్కచూసి సంస్థ తన రాతపూర్వక పద్ధతి ప్రకారం ధ్రువీకరిస్తుంది. దగ్గరి చూపు పరీక్ష ఏటా చేస్తారు, రంగుల తేడా తెలుస్తోందా అనీ చూస్తారు. బయట ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే కాగితం పాఠాల గంటల కింద లెక్కకు రావచ్చు, రాకపోవచ్చు. అది ఆ సంస్థ పద్ధతిని బట్టి ఉంటుంది. చేతి అనుభవం గంటలు మాత్రం కోర్సుతో చేతికి రావు.

ఈ మాత్రం చదువుకుని వెళితే "ఎన్‌డీటీ చేయమంటరా అన్నా?" అన్న ప్రశ్న నోటికే రాదు. దాని బదులు ఇలా అడుగుతుంది: "మీ దగ్గర ఎన్‌డీటీలో చివరగా చేరినవాళ్లు బయట కోర్సు చేసి వచ్చిన్రా? వాళ్లకు ఆ కోర్సు గంటలు లెక్కగట్టిన్రా, మళ్లీ మొదటి నుంచి చెప్పిన్రా? సొంతంగా పరీక్ష చేసి సంతకం పెట్టేదాక ఎన్ని నెలలు పట్టింది?" ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. మూడూ ఒకేసారి అడిగితే ఆయన చివరిదానికే జవాబిస్తాడు. అది మనుషుల స్వభావం. కాగితం మీద మూడింటినీ రాసుకుని, నోటితో మాత్రం మొదటిది అడిగి ఆగాలి.

ఇక అసలు పని ఎట్లుంటుందన్నది. ఇన్‌స్పెక్టర్ ఉద్యోగమంటే చల్లని గదిలో కొలత యంత్రం ముందు కూర్చోవడమని ఆమె ఊహ. అలాంటి పని ఉంది, కానీ విమానం మొండెమో తోకో బిగించే చోట పరీక్ష ఎక్కువగా రంధ్రాల చుట్టూ తిరుగుతుంది. పలుచని లోహపు రేకునూ, లోపలి అస్థిపంజరం లాంటి ఫ్రేములనూ కలపాలంటే వేల రంధ్రాలు వేయాలి. రంధ్రం వేసి, సరైన కొలతకు రీమర్‌తో నున్నగా చేసి, అంచున మిగిలిన బర్రును తీసి, రివెట్ తల రేకుతో సమంగా కూర్చునేలా నోరు వెడల్పు చేసి, సీలెంట్ రాసి బిగిస్తారు. వీటిలో ఇన్‌స్పెక్టర్ ఎక్కడెక్కడ చూడాలో ముందే రాసి ఉంటుంది. గో, నో-గో అని రెండు కొసలున్న గేజ్ రంధ్రంలో పెట్టి చూస్తాడు. గో కొస దూరాలి, నో-గో కొస దూరకూడదు. నో-గో కూడా దూరిందంటే రంధ్రం పెద్దదైంది. అక్కడ పని ఆగాలి, కాగితం రాయాలి, ఇంజినీరింగ్ విభాగం చూసి ఏం చేయాలో చెప్పాలి. సరిగా ఉంటే తన నంబరున్న స్టాంపు వేస్తాడు. ఆ స్టాంపు ఎవరిదో ఏళ్ల తర్వాత కూడా తెలుస్తుంది.

ఆ స్టాంపు దగ్గరే ఒక మంచి ప్రశ్న ఉంది. "మీ ఉద్యోగంలో కష్టమేంటి?" అని అడిగితే "ప్రెషర్ ఉంటది చెల్లె" అంటాడు. "ఈ మధ్య మీరు స్టాంపు వేయకుండా ఆపిన పని ఏదన్నా ఉందా అన్నా? భాగం పేరు చెప్పొద్దు. ఆపినంక ఏం జరిగింది?" అని అడిగితే కథ మొదలవుతుంది. షిఫ్టు ముగియడానికి కాసేపే ఉంది, లైన్ కదలాలి, సూపర్‌వైజర్ వచ్చి నిలబడ్డాడు, రంధ్రం వేసిన ఆపరేటర్ తనకంటే పదేళ్లు పెద్దవాడు, రోజూ కలిసి తినే మనిషి. అయినా కాగితం రాయాల్సి వచ్చింది. ఇది వింటే, ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో కళ్ల కంటే ఎక్కువ అరిగేది మొహమాటమని ఆమెకు తెలుస్తుంది. తన స్వభావానికి ఇది పడుతుందా లేదా అన్నది ఆమె ఆ రాత్రి ఆలోచించుకోవచ్చు. ఏ బ్రోషర్ చదివినా ఇంత తెలియదు.

ఒంటి శ్రమ గురించి, షిఫ్టుల గురించి కూడా అదే పద్ధతి. "పని హెవీగా ఉంటదా?" అంటే జవాబు అవుననో కాదనో వచ్చి ఆగుతుంది. "నిన్న షిఫ్టులో ఎక్కేటప్పటి నుంచి దిగేటప్పటి దాకా ఏమేం చేసిన్రు?" అంటే ఎన్ని గంటలు నిలబడ్డాడో, ఎన్నిసార్లు వంగి ఇరుకులో దూరాడో, ఎంతసేపు కంప్యూటర్ ముందు కాగితాలు నింపాడో అన్నీ వస్తాయి. షిఫ్టుల విషయంలో ఆమెకు అన్నకంటే ఆ లైన్లో పనిచేసే ఆడవాళ్లు మంచి సాక్షులు. రాత్రి దిగాక బస్సు ఎక్కడిదాకా వస్తుందో, అక్కడి నుంచి ఇంటికి ఎలా చేరతారో ఆయన అంచనాగా చెబుతాడు, వాళ్లు అనుభవంతో చెబుతారు. కాబట్టి ఆయన్ను అడగాల్సిన ప్రశ్న మారుతుంది: "మీ షిఫ్టులో పనిచేసే అక్క ఎవరన్నా నాతో ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడతరా? ముందు మీరే వాళ్లను అడిగి చెప్పుండ్రి."

జీతం అడగొచ్చా? అడగొచ్చు, కానీ ఆయన జీతం కాదు. "మీకెంతొస్తది" అనగానే పెద్దమనిషి ముడుచుకుంటాడు, మిగతా పది నిమిషాలూ ఆ ముడుచుకున్న మనిషే మాట్లాడతాడు. "డిప్లొమాతో కొత్తగా చేరినవాళ్లకు చేతికొచ్చేది ఎంత నుంచి ఎంత దాకా ఉంటది? మూడేళ్లకు ఎవరికి పెరిగింది, ఎవరికి పెరగలే?" అంటే ఆయన హాయిగా చెబుతాడు. రెండో ముక్క మొదటిదానికంటే విలువైనది. పెరిగినవాళ్లు ఏం నేర్చుకుని పెరిగారో అందులోనే బయటపడుతుంది. డ్రాయింగ్ మీది కొలతల గుర్తులు చదవడమా, కొలత యంత్రానికి ప్రోగ్రామ్ రాయడమా, లేక బీటెక్ కాగితమా? ఈసెట్ రాయాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది, ఈసెట్ అన్న మాట ఎత్తకుండానే.

అడగకూడనివి కొన్ని ఉన్నాయి. ఆదిబట్లలో తయారయ్యే వాటిలో సైనిక విమానాల భాగాలు ఉన్నాయి. డ్రాయింగులు, భాగాల నంబర్లు, నెలకు ఎన్ని పోతాయి, ఎవరికి పోతాయి, లోపల ఫొటోలు, ఇవేవీ అడగొద్దు. కుతూహలం కొద్దీ అడిగినా అవతలి మనిషి ఉద్యోగానికి ముప్పు. భేటీ మొదట్లోనే "కంపెనీ సంగతులేమీ వద్దన్నా, మీ పని సంగతులే చాలు" అని ఒక మాట అనేస్తే ఆయన భుజాలు సడలుతాయి. రెజ్యూమె తీసుకెళ్లి చివర్లో జేబులోంచి బయటికి తీయడం ఇంకో తప్పు. సమాచారం కోసమని చెప్పి వచ్చినవాళ్లు ఉద్యోగం అడిగితే, ఆ మనిషి తర్వాత వచ్చే పిల్లలకు తలుపు తీయడు.

తెలివి చూపించుకోవడానికి అడిగే ప్రశ్నలు కూడా ఈ కోవలోవే. చదువుకున్న నాలుగు ముక్కలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసి చివర్న "కదా సార్?" అనేవాళ్లుంటారు. దానికి "అవును" అనడం తప్ప ఆయన చేయగలిగింది లేదు. ముందుగా చదువుకున్నది ప్రశ్న అడుగున ఉండాలి, పైన తేలకూడదు. ఎన్‌ఏఎస్ 410 గురించి చదివిందని ఆమె చెప్పనక్కర్లేదు. గంటలు లెక్కగట్టారా అని అడిగిన తీరులోనే ఆయనకు అర్థమవుతుంది, ఈ అమ్మాయితో పైపైన మాట్లాడితే కుదరదని.

ఇరవై నిమిషాలకు ఎన్ని ప్రశ్నలు రాసుకోవాలి? ఐదు, మహా అయితే ఆరు. సంఘటన అడిగే ప్రశ్నకు జవాబు మూడు నాలుగు నిమిషాలు నడుస్తుంది, నడవాలి కూడా. సులువైనదానితో, నిన్నటి షిఫ్టు గురించి అడగడంతో మొదలుపెట్టడం మంచిది. స్టాంపు వేయకుండా ఆపిన కథ మధ్యలో అడగాలి. ఆపాటికి ఆయనకు నమ్మకం కుదురుతుంది. జీతం చివరికి దగ్గరగా. రాసుకున్న ప్రశ్నలను ముందురోజు రాత్రి ఇంట్లో ఎవరితోనైనా చదివించి వినాలి. అవును, కాదు అని ఒక్క మాటలో తేలిపోయేవి చెవికి వెంటనే పట్టుబడతాయి.

ప్రశ్న పారిందో లేదో మాట్లాడుతుండగానే తెలుసుకోవచ్చు. జవాబు "మామూలుగా అయితే" అనో, "ఎవరైనా సరే" అనో మొదలైతే ఆయన ఇంకా ఉపన్యాసంలోనే ఉన్నాడు. "మొన్న ఒకసారి ఏమైందంటే" అన్నాడంటే దొరికాడు. మొదటి రకం జవాబు వచ్చినప్పుడు కొత్త ప్రశ్నకు దూకాల్సిన పని లేదు. "చివరిసారి అట్ల ఎప్పుడైంది అన్నా?" అని ఒక్క మాట చాలు. ఇంకో గుర్తు కూడా ఉంది. ముందు రాసుకున్న నమ్మకాల జాబితాలో ఒక్కటి కూడా కొట్టేయాల్సిన పని రాకుండా భేటీ ముగిస్తే, ప్రశ్నల్లోనే తేడా ఉంది. తాను వినాలనుకున్న జవాబు వైపు ఆమె ఆయన్ను తోసింది. "డిప్లొమా చాలు కదా అన్నా, బీటెక్ అవసరం లేదు కదా?" అని అడిగితే, ఆడపిల్ల ముఖం చూసి కాదనగలిగే పెద్దమనిషి అరుదు.

ఒక్క మనిషి చెప్పింది ఒక్క మనిషి అనుభవమే. ఆయన లైన్ వేరు, చేరిన ఏడాది వేరు, అప్పటి ఆర్డర్లు వేరు. అందుకే ఆఖరి ప్రశ్న ఎప్పుడూ మరో మనిషి గురించే ఉండాలి: "ఈ సంగతిలో మీకంటే వేరేగా చెప్పేవాళ్లు ఎవరన్నా ఉన్నరా అన్నా?" మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని న్యూటన్ అనే ఊళ్లో, పరిచయస్థుల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను పరిశీలించి 1973లో ఒక వ్యాసం రాశాడు. సమాచారం ఇచ్చిన మనిషిని తరచూ కలుస్తుండేవాళ్లమని చెప్పినవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. రోజూ మనతో తిరిగేవాళ్లకు మనకు తెలిసిందే తెలుస్తుంది. కొత్త కబురు దూరపు పరిచయం నుంచి వస్తుంది. అన్న దోస్తు కంటే అన్న దోస్తు పేరు చెప్పిన ఇంకో లైన్ మనిషి ఆమెకు ఎక్కువ పనికిరావచ్చన్నమాట. అదే ఐదు ప్రశ్నలూ ఇద్దరినీ ముగ్గురినీ అడిగితే, జవాబులు ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో చూసుకోవచ్చు. విడిపోయిన చోట ఇంకో ప్రశ్న రాసుకోవాలి.

ఇంటికి చేరాక ఆ సాయంత్రమే ఆయన మాటలను ఆయన మాటల్లోనే రాసి పెట్టుకోవాలి, తెల్లారేసరికి అవి మన మాటలైపోతాయి. ఆయనకు పంపే కృతజ్ఞతల మెసేజ్‌లో, చెప్పినవాటిలో దేనివల్ల తన ఆలోచన మారిందో ఒక్క ముక్క రాయడం మర్యాద. "మీరు చెప్పినంక కోర్సుకు డబ్బులు కట్టుడు ఆపినం, ముందు అప్రెంటిస్ చూస్తున్న" అని రాస్తే ఆయన ఆ అమ్మాయిని మరిచిపోడు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఆదిబట్లలోనో, ఆ చుట్టుపక్కల కర్మాగారాల్లోనో పనిచేసేవాళ్లు ఉంటారు. మీ వీధిలో ఉన్న డిప్లొమా పిల్లలో, ఐటీఐ పిల్లలో ఇలా ఐదు ప్రశ్నలు రాసుకుని వస్తే, వీక్లీ ఆఫ్ రోజు ఇరవై నిమిషాలు వాళ్లకు ఇవ్వండి. ఖాళీ చేతులతో వచ్చి స్కోప్ ఉందా అని అడిగితే, ప్రశ్నలు రాసుకుని వచ్చే ఆదివారం రమ్మనండి.